సగటు మనిషికి దాహం వేయదు

ప్రొద్దుటూరుకు రోజుకు ఎన్ని నీళ్లు కావాలి? పట్టణ వ్యూహ ప్రణాళికలో ఇది కూడికలు, గుణకారాలతో తేలిపోయే ప్రశ్నలా కనిపిస్తుంది. 2011 జనాభా లెక్కల నాటికే ఊళ్లో 1.6 లక్షల మందికి పైగా ఉన్నారు. కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ 2008లో ప్రకటించిన సేవా ప్రమాణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు అని ఉంది. రెండూ హెచ్చవేస్తే 2.16 కోట్ల లీటర్లు. లక్ష్యం తేలినట్టే.

కానీ 1999 నాటి కేంద్ర నీటి సరఫరా మాన్యువల్ భూగర్భ డ్రైనేజీ ఉన్న నగరాలకు 135 లీటర్లు ఇచ్చి, డ్రైనేజీ లేని పట్టణాలకు 70 చాలంది. ఇంజనీరు చెప్పే కారణం సబబైనదే: గొట్టాల్లో మురుగు సాగాలంటే నీళ్లు ఎక్కువ పోయాలి. అయినా నాకొక సందేహం. డ్రైనేజీ లేని వీధిలో ఉండే మనిషికి నీళ్లూ సగమే చాలని ఎవరు తేల్చారు? ఆ మనిషినే అడిగి ఉంటే లెక్క ఇలాగే వచ్చేదా? దార్శనికత పేరుతో రాసుకునే ప్రతి అంకె వెనకా, మనిషికి ఏది తగినంత అన్న తీర్పు ఒకటి ఉంటుంది.

కడప జిల్లాలో కార్పొరేషన్ హోదా కడప నగరానిదే, అదీ 2004లో వచ్చింది. ప్రొద్దుటూరు, పులివెందుల మున్సిపాలిటీలు. హోదా ఏదైనా ప్రణాళిక మెట్లు మాత్రం అవే: దార్శనికత, పరిస్థితి విశ్లేషణ, కార్యాచరణ, సమీక్ష. రెండో మెట్టు దగ్గరే మనుషులు కనుమరుగవుతారని నా అభిప్రాయం.

ఎలాగో చూద్దాం. 2.16 కోట్ల లీటర్లూ ట్యాంకుల నుంచి వదిలామనుకుందాం. లీకేజీలకు, లెక్కకెక్కని కనెక్షన్లకు ప్రమాణం అనుమతించేది 20 శాతం. అంతే పోయినా మనిషికి చేరేది 108 లీటర్లు. అదైనా సగటు. ట్యాంకుకు దగ్గరి సగం ఊరికి 150, చివరి సగానికి 66 అందినా సగటు 108గానే వస్తుంది. నివేదికలో ఈ రెండు ఊళ్లూ ఒకటే ఊరు. పైగా దగ్గరి ఇళ్లవాళ్లు పైపుకే మోటారు బిగించి గుంజితే చివరి కొళాయిలో ధార సన్నబడుతుంది. వాళ్లు చెడ్డవాళ్లు కాదు. రేపు నీళ్లొస్తాయన్న నమ్మకం లేని ఊళ్లో మోటారు పెట్టుకోవడం జాగ్రత్త. ఆ జాగ్రత్తే ఇంకొకరికి కొరత అవుతోందన్న సంగతి విశ్లేషణలో ఎక్కడ రాయాలి?

చివరి వీధిని కొలవడానికి పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. 20 లీటర్ల బకెట్, ఒక గడియారం చాలు. బకెట్ రెండు నిమిషాల్లో నిండితే నిమిషానికి 10 లీటర్లు. ముప్పావు గంట వదిలితే 450 లీటర్లు, ఐదుగురున్న ఇంట్లో తలకు 90. అదే బకెట్‌కు ఐదు నిమిషాలు పడితే తలకు 36. అప్పుడు ఆ వీధికి ట్యాంకరు ఎందుకు వస్తోందో వేరే చెప్పనక్కర్లేదు.

కార్యాచరణలో మొదటి వంతు ఎవరిదన్నది తర్వాతి చిక్కు. బ్రిటన్ సాయంతో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2000 ప్రాంతంలో మొదలైన పట్టణ పేదల సేవల పథకం దీనికొక జవాబు చూపింది. లక్ష జనాభా దాటిన పట్టణాల మున్సిపాలిటీలు పేదరిక నిర్మూలనకు సొంత కార్యాచరణ ప్రణాళికలు రాసుకున్నాయి. మురికివాడలను ఒకవైపు పేదరికం, మరోవైపు వసతుల లేమి ప్రకారం గళ్ల పట్టికలో వేసి, రెండూ ఎక్కువున్న గడికి ముందు డబ్బు పెట్టాలన్నారు. పలుకుబడి ఉన్న వార్డుకు ముందు రోడ్డు పడే అలవాటుకు అది గట్టి అడ్డు. దాని పరిమితీ అక్కడే ఉంది. గుర్తింపు జాబితాకెక్కని గుడిసెలు ఏ గడిలోకీ రావు. ఎంత న్యాయమైన పట్టికైనా తనకు తెలిసిన మనుషులకే న్యాయం చేయగలదు.

నీటి లెక్క ఊరి హద్దుకు కూడా లొంగదు. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు పెన్నా ఒడ్డున ఉన్నాయి. ఎండాకాలంలో ఇసుక అడుగున నీరు దిగిపోతే ఎగువన మైలవరం జలాశయం వైపు చూడాల్సిందే. పులివెందులకు ఆధారం పార్నపల్లె దగ్గరి చిత్రావతి జలాశయం. ఈ నీళ్లు ఎప్పుడు వదలాలో మున్సిపల్ కౌన్సిల్ చేతిలో లేదు, జలవనరుల శాఖ చేతిలో ఉంది. ఊళ్ల మధ్య, పల్లెల మధ్య నీటి పంపకం చూడడానికి 74వ రాజ్యాంగ సవరణ జిల్లా ప్రణాళికా కమిటీని పెట్టమంది. ప్రొద్దుటూరు తాగునీటిని, ఆయకట్టు రైతు పంటను ఒకే బల్ల మీద పెట్టి మాట్లాడాల్సిన చోటు అదే. ఆ మాట జరగకుండా ఊరు ఒంటరిగా రాసుకున్న నీటి లక్ష్యం ఇంకొకరి దయ మీద నిలబడుతుంది.

ఇక సమీక్ష. ఆర్థిక సంవత్సరం మార్చి 31తో ముగుస్తుంది కాబట్టి, ఎన్ని కిలోమీటర్ల పైపు వేశారు, ఎంత ఖర్చయింది అన్న లెక్కలు అప్పటికి తేలుతాయి. ఏడాది సగటులో వానాకాలపు నీళ్లు వేసవి కొరతను కప్పేస్తాయి. నన్నడిగితే ఏడాదికొక సమీక్ష మే నెలలో, చివరి వీధి కొళాయిల దగ్గరే పెట్టాలి. కమిషనరు, ఇంజనీరు, వార్డు సభ్యుడు అక్కడికి రావాలి. బకెట్ నిండడానికి పట్టిన నిమిషాలను ఆ వీధి ఆడవాళ్లే రిజిస్టర్‌లో రాయాలి. కిందటి మే అంకె పక్కనే ఈ మే అంకె ఉండాలి.