ఊఁ కొట్టేవాళ్ళు

“అది మన కథ కదమ్మా, వాళ్ళకెందుకు చెప్పేశావ్?”

ఒక శుక్రవారం రాత్రి ల్యాప్‌టాప్ మూసి గదిలోంచి బయటికొచ్చిన మా ఆవిడని మా ఆరేళ్ళ పాప అడిగిన మాట ఇది. తలుపు అవతల కూర్చుని మొత్తం వింది. ఇద్దరం వెంటనే ఏమీ చెప్పలేకపోయాం.

మా ఆవిడ కొన్ని నెలలుగా వారానికి రెండు రాత్రులు వీడియో కాల్‌లో పిల్లలకి నిద్రవేళ కథలు చెప్తోంది. ఎనిమిదిన్నర నుంచి అరగంట. 12 మంది పిల్లలు, ఒక్కొక్కరికి 150 రూపాయలు. అంటే రాత్రికి 1,800. ఆరోజు చెప్పింది తోక పోగొట్టుకున్న ఉడుత కథ. అది మా ఇంట్లో పుట్టినప్పుడు చాలా మామూలు కథ. ఉడుత తోకని వెతుక్కుంటూ వెళ్తుంది, అంతే. మధ్యలో పాప అడ్డుపడి, “మరి తోక ఎవర్ని వెతుకుతోంది?” అంది. అక్కణ్ణుంచి కథ తోక వైపుకి తిరిగింది. కథలో ప్రాణం ఉన్నది ఆ ఒక్క ప్రశ్నలోనే. మేం అమ్మింది కూడా దాన్నే.

మనవైపు కథ చెప్పాలంటే ఊఁ కొట్టే మనిషి ఉండాలి. ఊఁ కొట్టకపోతే అమ్మమ్మ కథ ఆపేసేది. అది మర్యాద కోసం అనుకునేవాణ్ణి. కాదు, అది ఒక కొలత. ఊఁ గట్టిగా, వెంటవెంటనే వస్తుంటే పిల్ల ఇంకా మెలకువగా ఉన్నట్టు. ఎడం పెరిగేకొద్దీ గొంతు తగ్గించాలి, కొత్త పాత్రల్ని తేకూడదు, చెప్పిందే మళ్ళీ చెప్పాలి. ఆగిపోతే వాక్యం మధ్యలోనైనా ఆపెయ్యొచ్చు. నిద్రవేళ కథకి ముగింపు రాసేది వినేవాళ్ళే.

12 మంది ఒకేసారి మాట్లాడితే ఏమీ వినపడదు కాబట్టి అందర్నీ మ్యూట్‌లో పెట్టేది మా ఆవిడ. కొలత పోయింది. ఎవరు నిద్రలోకి జారుతున్నారో, ఎవరికి విసుగొచ్చిందో తెలీదు. తెలీనప్పుడు చెప్పేవాళ్ళు చేసే పని ఒకటే: గొంతు పెంచడం. తర్వాత బొమ్మలొచ్చాయి. అట్టముక్కలు కత్తిరించి, చీపురుపుల్లలు అతికించి, తెల్ల చున్నీ వెనక ఫోన్ టార్చి పెట్టింది. బొమ్మ గుడ్డకి ఆనితే నీడ అంచులు స్పష్టంగా పడతాయి. టార్చి వైపు జరిపితే నీడ పెద్దదై మసకబారుతుంది. ఉడుత రాక్షసిలా పెరిగేసరికి పిల్లలు కేరింతలు. రెండు వారాలు తిరక్కుండానే తల్లుల మెసేజిలు: “షో సూపర్, కానీ పదిన్నరైనా పడుకోవట్లేదు.”

పడుకోరు మరి. తోలుబొమ్మలాట రాత్రంతా జనాన్ని కూర్చోబెట్టిన ఆట. రామాయణం మధ్యలో బంగారక్క, కేతిగాడు, జుట్టుపోలిగాడు దూరి ఊళ్ళో సంగతులు మాట్లాడి నవ్విస్తారు. ఆ కళాకారులూ కథ చెప్పే బతికారు. కాబట్టి డబ్బు తీసుకోవడం తప్పని నేననను. రాత్రి పొద్దుపోయేదాకా పని చేసే అమ్మానాన్నలకి ఈ అరగంట నిజంగా సాయమే. అయితే అక్కడ ప్రేక్షకులెవరూ మ్యూట్‌లో లేరు. వాళ్ళ మాటకి చోటివ్వడానికే కేతిగాడు ఉన్నాడనిపిస్తుంది.

ఇంజనీరు బుర్ర కదా, నేను రికార్డింగులు అమ్ముదామన్నాను. ఒకసారి చెప్తే చాలు, ఎంతమందికైనా పోతుంది. మా ఆవిడ కొట్టిపారేయలేదు. “అమ్ముకోవచ్చు. కానీ దాన్ని పాటలా అమ్మాలి, పక్కన పడుకుని చెప్పినట్టు అమ్మకూడదు,” అంది.

చివరికి రెండిటినీ విడదీసింది. బొమ్మలాట శనివారం సాయంత్రం ఐదింటికి, అందరికీ. అందులో ఒక కోతిబొమ్మ పని పిల్లల ప్రశ్నలు ఒక్కొక్కటిగా తీసుకోవడమే. రాత్రి కథకి నలుగురే. వీడియో ఆఫ్, మైకులు ఆన్. ఫ్యాన్ల చప్పుడు, ఎవరింట్లోదో కుక్కర్ విజిల్, వాటి మధ్య నాలుగు ఊఁలు. ధర 250 చేసినా రాత్రికి 1,000 రూపాయలే. అంటే ఊఁ వినడానికి మాకు రాత్రికి 800 ఖర్చు. ఇంటద్దె దగ్గరపడ్డప్పుడు ఆ 800 గుర్తొస్తుంది.

ఇక పాప ప్రశ్న. ఇప్పుడు ఇంట్లో పుట్టిన కథని బయట చెప్పేముందు దాన్ని అడుగుతున్నాం. “సరే” అంటుంది. ఆరేళ్ళ పిల్ల అమ్మకి ఇచ్చే “సరే”ని అనుమతి అనుకోవచ్చా? అమ్మ ముఖం చూసి ఇచ్చే “సరే” కూడా ఒకరకం మ్యూటేనేమో. అందుకే అది అడక్కుండానే ఒక్క కథని పక్కన పెట్టాం, ఎవరికీ చెప్పం.

నిన్న రాత్రి ఆ ఉడుత కథ మళ్ళీ మొదలైంది. ఈసారి తోక తిరిగి రానందట. ఎందుకు రానందని మా ఆవిడ అడిగింది. జవాబు రాలేదు. ఊఁ కూడా రాలేదు.