పరుగన్న మాట లేని పరుగు

పోతన భాగవతము అష్టమస్కంధమున, గజేంద్రుని మొర విన్న విష్ణువు వైకుంఠమునుండి వెడలు సందర్భమున ఒక మత్తేభము కలదు. పద్యమన్న ఆసక్తి ఏ మాత్రమున్న తెలుగువారికైనను అది కంఠస్థమే. విదేశమున పుట్టి పెరిగిన మా మనుమరాలికై దానిని ఇంగ్లీషున వ్రాయబూనినప్పుడు నన్ను నిలువరించినవి సంస్కృతసమాసములు కావు. అవి ఎంత దీర్ఘములైనను విప్పి అర్థము చెప్పుటకు నిఘంటువు చాలును. చిక్కంతయు పొట్టి పొట్టి తెలుగు క్రియలలోనే యున్నది.

పద్యమంతయు స్వామి చేయని పనుల వరుస. లక్ష్మితో చెప్పలేదు, శంఖచక్రములను చేత పూనలేదు, పరిజనమును పిలువలేదు, గరుత్మంతుని సిద్ధపరుపలేదు, చెవిదాక జారిన కొప్పును సవరించుకొనలేదు, ప్రణయకలహమున పట్టిన లక్ష్మి పైటకొంగును విడువనైనను లేదు. ఇందు పిలుచుటకు కవి వాడినది 'చీరు' అను క్రియ. నేటివారికి ఆ మాట వినగానే చించుటయే తోచును. పిమ్మట వస్త్రప్రసక్తి కూడ నుండుటచే ఆ భ్రమ మరింత బలపడును. 'పన్నించు' అనగా ఏనుగునో గుర్రమునో ప్రయాణమునకు సన్నద్ధము చేయించుట. పన్నాగము పన్నుటలో తప్ప ఆ ధాతువు మన నోట ఇప్పుడంతగా వినబడదు. గరుడుడు వాహనమన్న స్ఫురణ ఆ ఒక్క క్రియలోనే యున్నది కావున, పిలిపించుటయని తేల్చివేయక, జీను బిగించుటకు ఇంగ్లీషువారు వాడు 'హార్నెస్' అను మాటను గ్రహించితిని.

ఇక అసలు సంగతి. 'చెప్పడు' అన్న ఒక్క రూపమునకు చెప్పలేదనియు, చెప్పుటలేదనియు, చెప్పబోడనియు అర్థము చెల్లును. కర్త ఆ ప్రత్యయములోనే యున్నాడు, కాలము మాత్రము లేదు. ఇంగ్లీషున కర్తను, నిషేధమును, కాలమును వేర్వేరుగా నిలువబెట్టక తప్పదు. భూతకాలమున వ్రాసినచో అది ఎన్నడో జరిగిపోయిన కథ యగును. పద్యము చదువు భక్తునకో స్వామి ఇప్పుడే, కన్నులయెదుటనే, లేచుచున్నాడు. అందుచే వర్తమానమును ఎంచుకొంటిని. అయినను 'హి డజ్ నాట్' అని ఆరుమారులు పలికినచో, అది నేరారోపణపత్రము చదివినట్లుండును. మిత్రుడొకడు ఆ బాధ లేకుండ 'వితౌట్' అను మాటపై నడిపించి, లక్ష్మితో చెప్పకయే, చక్రము పూనకయే, అని చక్కగా సాగు అనువాద మొకటి వ్రాసి యిచ్చెను. మా మనుమరాలు దానిని చదివి, తెలుగు పద్యముపై వ్రేలు పెట్టి, "తాతయ్యా, ఇందులో ఆయన పరుగెత్తాడని రాశారు కదా, పద్యంలో ఆ మాటెక్కడుంది?" అని అడిగెను.

లేదు. వెడలెను, పరుగిడెను, వచ్చెను అను క్రియ ఆ పద్యమున ఎచ్చటను లేదు. 'వితౌట్' తో మొదలైన వాక్యము ప్రధానక్రియకై నోరు తెరచుకొని నిరీక్షించును గావున, అనువాదకుడు పరుగును తెచ్చి పెట్టవలసి వచ్చెను, పోతన పెట్టలేదు. చేయనివన్నియు విన్న శ్రోతకు, స్వామి అప్పటికే ఆసనముపై లేడని తనంతట తోచును. కావున నిషేధక్రియలనే నిలిపి, కర్తను మొదటిమారు మాత్రమే పలికి, తక్కినవానిని 'నార్' తో కూర్చితిని.

వ్యాసుని మూలమున స్వామి గరుడారూఢుడై, చక్రాయుధుడై వచ్చును. ఆ చేతులను ఖాళీ చేసినవాడు మన బమ్మెర కవి. పిమ్మట లక్ష్మి, పరిజనము, గరుడుడు, ఆయుధములు ఆయన వెంటబడి వచ్చినట్లు మరొక పద్యమున చెప్పును. ఈ ముక్క వివరణలో చేర్చనిచో, మొసలిని చక్రము ఖండించునప్పుడు అది ఎక్కడినుండి వచ్చినదని ఇంగ్లీషు పాఠకుడు తప్పక అడుగును.

ఆరవ నిషేధము రూపమున తక్కిన ఐదింటివంటిదే గాని భావమున విపరీతము: ఐదు వదలినవి, ఇది వదలనిది. తీసికొనవలసినవి మరచి, విడువవలసినదానిని పట్టుకొని పోవుచున్నాడు. 'నార్' అన్నంత మాత్రమున ఈ మలుపు తెలియదు గనుక అచట 'నాట్ ఈవెన్' అంటిని. కొంగునకు 'హెమ్' అను మాట పొసగదు; అది పాదములకడ అంచు. 'ది ఎండ్ ఆఫ్ హర్ సారీ' అని సాదాగా చెప్పుటయే మేలు.

పద్యాంతమున స్వామి మనఃస్థితికి కవి పెట్టిన పేరు దయ కాదు, ఉత్సాహము. ఆలంకారికులమతమున అది వీరరసమునకు స్థాయి. దయావీరమని ఒక భేదమును వారు చెప్పుదురు. ఇంగ్లీషు భక్తికవిత్వమునకు అలవాటుపడిన చెవి ఇచట 'మెర్సీ' ని ఆశించును, అనువాదకునకు ఆ మాటయే చేతికి తగులును. అది పై నుండి క్రిందికి చూచు చూపు. ఇచట క్రిందికి చూచుటకు స్వామి నిలిచియుండలేదు. ప్రాణమునకు ప్రక్కనున్న 'అవనము' కాపాడుట; దానిని వనమని విడదీసిన అంతయు చెడును. సమాసము ఏనుగుతో మొదలై ఉత్సాహముతో ముగియును గావున, నా వాక్యమును కూడ ఆ క్రమముననే ఉంచి, 'ఈగర్' అను మాటను చిట్టచివర నిలిపితిని.