చూసి వెళ్ళినావిడకి ఏం చెప్పాలి

అమ్మలూ,

నువ్వు పంపిన నాలుగు ప్రకటనలూ చదివాను. మంగళగిరి చీర ఫోటో బాగుంది. కింద రాసిన మాటలే నాకు మింగుడు పడలేదు. "నిన్న మీరు చూసిన చీర ఇంకా మీకోసమే ఎదురుచూస్తోంది! మర్చిపోయారా? తొందరపడండి, ఒక్కటే మిగిలింది!" అన్నావు. ఇది చదివిన ఆవిడకి చీర గుర్తుకు రాదమ్మా. రాత్రి పిల్లలు పడుకున్నాక తను ఫోన్లో ఏం చూసుకుందో ఎవరో కనిపెట్టారన్న సంగతి గుర్తుకొస్తుంది. ఆ తర్వాత నువ్వేం చెప్పినా చెవికెక్కదు.

తెనాలిలో మా నాన్న బట్టల కొట్టు నీకు తెలియదు, నువ్వు పుట్టేనాటికే మూసేశాం. అక్కడ ఒకావిడ నాలుగు చీరలు విప్పించుకుని "మళ్ళీ వస్తాం" అని లేచిపోతే, కొత్త గుమాస్తా ఒకడు "అమ్మా, ఆ ఆకుపచ్చది ఇరవై తగ్గిస్తా" అంటూ వీధిలోకి పరిగెత్తాడు. నాన్న వాణ్ణి చెడామడా తిట్టారు. నెలకో రెండు నెలలకో ఆవిడ మళ్ళీ వచ్చింది. "మొన్న చూసి వెళ్ళారుగా" అనలేదు నాన్న. పరుపు మీద చీర పరిచి, కొంగు అంచు తడిగుడ్డతో రుద్ది, గుడ్డ తెల్లగానే ఉందని చూపించారంతే. ఎందుకంటే మొదటిసారి ఆవిడ వేలు తడిచేసుకుని అంచు మీద రుద్దడం ఆయన గమనించారు. ఆవిడ అనుమానం రంగు మీద. ఆయన గమనించినది నోటితో చెప్పలేదు, దానికి జవాబు మాత్రం చెప్పారు. ముప్పై ఏళ్ళు ప్రకటనలు రాసి బతికినవాణ్ణి, అందులో చివరి పదేళ్ళు ఈ ఫోను ప్రకటనలే. చూసి కొనకుండా వెళ్ళినవాళ్ళకి రాసేదాని గురించి దీనికి మించి నేనేమీ నేర్చుకోలేదు.

ఇక నీ వాక్యాల్లోకి వద్దాం. తెలుగులో ఓ చిక్కుంది. "మీరు" అన్న మాట తీసేసినా క్రియ చివర అది కూర్చునే ఉంటుంది. చూశారు, వదిలేశారు, మర్చిపోయారు, ఆలోచిస్తున్నారా: ఇవన్నీ వేలెత్తి చూపించే మాటలే. కాబట్టి "మీరు" కొట్టేస్తే చాలదు, ఆ వాక్యంలో పని చేసేది ఎవరో మార్చాలి. చీర చెయ్యాలి, నేత చెయ్యాలి, నీ కొట్టు చెయ్యాలి. "మీరు చూసిన చీర" కాస్తా "ఈ చీర మొదటి ఉతుకులో రంగు వదలదు" అవుతుంది. చదివే ఆవిడ అందులో ఎక్కడా లేదు, కానీ తనకు కావలసిన మాట ఉంది.

ఏ మాట కావాలో ఎలా తెలుస్తుందంటావేమో. నీ వాట్సాప్ తెరువు. పోయిన నెలలో ఆ చీర గురించి వచ్చిన ప్రశ్నలన్నీ ఓ కాగితం మీద రాసుకో. నువ్వు మొన్న ఫోన్లో చదివి వినిపించినవాటిలో మూడే మళ్ళీ మళ్ళీ వచ్చాయి. ఫోటోలో ఉన్న రంగే వస్తుందా? జాకెట్టు ముక్క ఉందా? నచ్చకపోతే వెనక్కి తీసుకుంటారా? అడిగినవాళ్ళు నలుగురైతే, అడక్కుండా వెళ్ళిపోయినవాళ్ళలో కూడా చాలామందికి ఇవే అనుమానాలుంటాయి. నీ నాలుగు ప్రకటనల్లో ఒక్కటీ వీటికి జవాబు చెప్పలేదు. నాలుగూ "రండి రండి" అన్నాయి.

నేనైతే ఇలా రాస్తాను. మొదటిది: "నెమలికంఠం రంగు, నిజాం అంచు. పగటి నీడలో ఒకటి, ట్యూబ్‌లైటు కింద ఒకటి: రెండు ఫోటోలూ ఇక్కడున్నాయి." రెండోది: "జాకెట్టు ముక్కతో కలిపి 6.3 మీటర్లు. ఫాల్, పీకో చేయించి పంపమన్నా పంపుతాం." మూడోది: "రంగు నచ్చకపోతే ఏడు రోజుల్లో వెనక్కి. వచ్చి తీసుకెళ్ళే ఖర్చు మాదే." ఆ ఖర్చు నిజంగా నువ్వు పెట్టుకుంటేనే మూడోది రాయి, లేకపోతే రాయకు. మూడింట్లోనూ ఆశ్చర్యార్థకం ఒక్కటీ లేదు, గమనించావా? కింద బొత్తాం కూడా "Shop Now" వద్దు, "Learn More" పెట్టు. అనుమానం తీర్చుకోవడానికి వచ్చే మనిషికి అది చాలు.

"ఒక్కటే మిగిలింది" సంగతి విడిగా చెప్పాలి. చేనేతలో అది నిజం కావచ్చు. ఆ రంగు వార్పులో అదే చివరి చీరైతే చెప్పు, తప్పులేదు. పది ఉంచుకుని ఒకటి అంటే మాత్రం అది అబద్ధమే కాదు, మన దేశంలో 2023 నవంబరులో వచ్చిన డార్క్ ప్యాటర్న్స్ మార్గదర్శకాల్లో పేరు పెట్టి మరీ తప్పన్నారు. కొననివాళ్ళని సిగ్గుపడేలా చేసే మాటలూ ఆ జాబితాలోనే ఉన్నాయి. నీ నాలుగో ప్రకటనలో "మంచి చీర కట్టే అదృష్టం వద్దా?" అన్నావే, అది ఆ కోవలోదే. తీసెయ్.

డిస్కౌంటు తొందర కూడా వద్దు. పేజీ చూసి వెళ్ళిన మర్నాడే పది శాతం తగ్గింపు చూపిస్తే, రెండోసారి వచ్చినవాళ్ళు కావాలనే కొనకుండా వెళ్ళి ఆ తగ్గింపు కోసం కాచుక్కూర్చుంటారు. నీ మొదటి ధర మీద నమ్మకాన్ని నువ్వే చెరుపుకున్నట్టవుతుంది.

ఇప్పుడు ఎవరికి, ఎన్నాళ్ళు అన్నది. నువ్వు పేజీకి వచ్చిన అందరినీ 180 రోజులు పట్టి ఉంచావు. మెటాలో అది గరిష్ఠ గడువు, అంతవరకూ వాడుకోమని కాదు. ఆర్నెల్ల కింద చూసిన చీర ఎవరికి గుర్తుంటుంది? ఆ పెళ్ళి అయిపోయి ఉంటుంది, వేరే చీర కట్టేసుకుని ఉంటుంది. పిక్సెల్‌లో `ViewContent` అన్నది చీర పేజీ చూసినవాళ్ళు, `AddToCart` బుట్టలో వేసుకున్నవాళ్ళు, `Purchase` కొన్నవాళ్ళు. చూసినవాళ్ళకి ఏడు రోజులు చాలు. బుట్టలో వేసినవాళ్ళకి పధ్నాలుగు రోజులు ఇవ్వొచ్చు, వాళ్ళ అనుమానం ఎక్కువగా డెలివరీ ఖర్చు దగ్గరో డబ్బు కట్టే చోటో ఉంటుంది కాబట్టి వాళ్ళకి వేరే వాక్యం రాయి. "డెలివరీ ఛార్జీ ధరలోనే కలిసి ఉంది" అన్న ఒక్క ముక్క అక్కడ బాగా పనిచేస్తుంది. అది కూడా నిజమైతేనే.

పట్టికలో Frequency అన్న గడి ఉందే, నీది వారానికి పదకొండు చూపిస్తోంది. అంటే సగటున ఒక మనిషి వారంలో పదకొండుసార్లు అదే చీర చూసిందన్నమాట. సగటు కదా, కొందరికి ఇరవై దాటే ఉంటుంది. ఇంటికి అన్నిసార్లు వచ్చే చుట్టాన్నయినా ఎవరు భరిస్తారు? చూసినవాళ్ళ గుంపు చిన్నది, నువ్వు పెట్టిన రోజువారీ డబ్బు పెద్దది. ఆ డబ్బు ఖర్చు కావాలంటే అదే మనిషికి మళ్ళీ మళ్ళీ చూపించక తప్పదు. బడ్జెట్ సగం చెయ్, మూడు వాక్యాలనీ మార్చి మార్చి తిప్పు. ఆ గడి మూడు నాలుగు దాటి, క్లిక్కులు పడిపోతుంటే ఆపెయ్. మూడు నాలుగన్నది శాస్త్రం కాదు, నా అనుభవంలో చిరాకు మొదలయ్యే చోటు.

నీ కొట్టులో అసలు తప్పు ఇంకోటుంది, అది నీకు పట్టికలో కనపడదు. కొన్నవాళ్ళని మినహాయించానన్నావు. కానీ నీ అమ్మకాల్లో సగం వాట్సాప్‌లో జరుగుతాయి కదా? ఆవిడ పేజీలో చీర చూసింది, నీకు మెసేజ్ పెట్టింది, ఫోన్‌పేలో డబ్బు పంపింది. నీ సైటుకి ఆ సంగతి తెలియదు. పిక్సెల్ దృష్టిలో ఆవిడ ఇంకా చూసి వెళ్ళినావిడే. చీర కట్టుకుని పెళ్ళికి వెళ్ళి వచ్చాక కూడా "ఇంకా ఆలోచిస్తున్నారా?" అని అడుగుతున్నావు. నాకూ ఇలాంటిదే జరిగింది. ఒకచోట కుక్కర్ కొన్నాక మూడు వారాలు అదే కుక్కర్ నా వెంట తిరిగింది, పైగా నేను కొన్నదానికన్నా రెండు వందలు తక్కువకి. మళ్ళీ ఆ కొట్టు గడప తొక్కలేదు నేను.

దానికి మందుంది. వాట్సాప్‌లో కొన్నవాళ్ళ నంబర్లు ఓ ఫైల్లో రాసుకుని, ప్రతి సోమవారం కస్టమర్ లిస్టుగా ఎక్కించి, ఆ ప్రకటన నుంచి మినహాయించు. అయితే ఆ నంబరు డెలివరీ కోసం ఇచ్చారు, దీనికోసం కాదు. ఆర్డరు తీసుకునేటప్పుడే "మీ నంబరు ప్రకటనలు ఆపడానికి వాడతాం, సరేనా?" అని ఒక్క మాట అడుగు. ఎవరూ కాదనరులే, కానీ అడగడం వేరు, అడక్కపోవడం వేరు.

మరో మాట. ఫోను మన ఇళ్ళలో ఒక్కరిది కాదు. రాత్రి అమ్మ చూసిన ఫోనే పొద్దున పిల్లాడి చేతిలో ఉంటుంది. అల్లుడు రహస్యంగా పెళ్ళిరోజు చీర చూసుకుంటే, మర్నాడు అదే చీర భార్య ముందు ప్రత్యక్షమైతే ఏం బాగుంటుంది? అందుకే లంగాలు, లోదుస్తులు, నైటీల పేజీలు చూసినవాళ్ళని ఆ గుంపులోంచి పూర్తిగా తీసెయ్. వాటికి అసలు వెంట తిరిగే ప్రకటనే వద్దు. పండగ ముందు, ఫలానా చీర అని కాకుండా "మంగళగిరిలో కొత్త రంగులు" అని నాలుగైదు కలిపి చూపించు. ఎవరు ఏది చూశారో బయటపడదు, చూసినావిడకి తన చీర అందులో కనపడుతుంది.

ఇదంతా చేశాక, ఫలితాల గడిలో పెద్ద అంకె చూసి మురిసిపోకు. మెటా మామూలుగా క్లిక్ చేసి ఏడు రోజుల్లో కొన్నవాళ్ళనే కాదు, ప్రకటన కంటపడి ఒక రోజులో కొన్నవాళ్ళని కూడా ఆ ప్రకటన ఖాతాలోనే వేస్తుంది. ఇప్పటికే చూసి వెళ్ళినవాళ్ళలో కొందరు నువ్వేం చెప్పకపోయినా మర్నాడు వచ్చి కొనేవాళ్ళే. క్లిక్ లెక్కా చూపు లెక్కా విడివిడిగా పెట్టి, క్లిక్ వైపే నమ్ము. కామెంట్లు కూడా రోజూ చదువు. "ఎన్నిసార్లు చూపిస్తారు" అని ఒక్కరు రాశారంటే, రాయకుండా ప్రకటన దాచేసినవాళ్ళు ఇంకెందరో ఉంటారు.

నెమలికంఠం చీర రంగు ఫోటోలు మాత్రం మళ్ళీ తియ్యాలి. మధ్యాహ్నం ఎండలో తీసినదాంట్లో అది నీలంగా కనపడుతోంది, అనుమానం రాక ఏమవుతుంది? వరండా నీడలో ఒకటి, వంటింటి ట్యూబ్‌లైటు కింద ఒకటి తీసి ఆదివారం లోపు పంపు. మీ అత్తయ్యకి చూపించి, ఏ రంగంటుందో నీకు చెప్తాను.

నీ మావయ్య