అపరిచితుని పట్ల బాధ్యత

ఢిల్లీ చాందినీచౌక్‌లో గడియార స్తంభం కూలి బాటసారులు మరణించిన కేసులో, 1966లో సుప్రీంకోర్టు పురపాలక సంస్థను బాధ్యురాలిగా నిర్ణయించింది. కట్టడం వయస్సు 80 ఏళ్లు. అందులో వాడిన గచ్చు ఆయుష్షు 40, 45 ఏళ్లు మాత్రమే. పరీక్షించి ఉంటే ప్రమాదం ముందే తెలిసేది.

రోడ్డుప్రక్క చెట్టు హఠాత్తుగా మీద పడి, ఆఫీసుకు నడచి వెళుతున్న ఉద్యోగి మరణించిన రాజ్‌కోట్ కేసులో మాత్రం 1997లో అదే న్యాయస్థానం బాధ్యతను త్రోసిపుచ్చింది. హాని ఊహకందినంత మాత్రాన చాలదు. ఉభయుల నడుమ తగిన సామీప్యం ఉండాలి, బాధ్యత మోపడం న్యాయసమ్మతమూ కావాలి. ప్రతి చెట్టునూ నిత్యం పరీక్షించమంటే సంస్థలు చెట్లు నాటడమే మానుకుంటాయని ధర్మాసనం భావించింది. వాదన బలమైనదే. కాని ఊరందరి నీడకు మూల్యం ఒక్క కుటుంబమే చెల్లించింది. చెట్టు పుచ్చినట్లు ముందే ఫిర్యాదు అంది ఉంటే తీర్పు వేరుగా ఉండేదేమో.