పైన పేరు రాస్తే ఉత్తరం అవుతుందా?

“అమ్మవారి ఆశీస్సులతో మీకు, మీ కుటుంబ సభ్యులందరికీ ఆయురారోగ్య ఐశ్వర్యాలు కలగాలని కోరుకుంటూ బోనాల శుభాకాంక్షలు.” ఆషాఢమాసంలో మా కార్వాన్ ఫోన్లలో తిరిగే మాట ఇది. అందరిలా నేనూ దీన్ని పంపుతాను. కానీ ఫార్వర్డ్ చేయను, కాపీ చేసి పేస్ట్ చేస్తాను. 2018 నుంచి వాట్సాప్‌లో ఫార్వర్డ్ చేసిన సందేశం మీద ఆ ముద్ర కనబడుతుంది, కాపీ చేస్తే కనబడదు. ఆ చిన్న పనిలో నా మనసేమిటని తరచి చూసుకుంటే ఒప్పుకోక తప్పదు: నాకు కావలసింది రాయడం కాదు, రాసినట్టు కనబడడం. పైన “చిన్నమ్మా” అని చేర్చడమూ అందుకే.

ఆ పిలుపు తీసేసి ఇంకొకరి పేరు పెట్టినా సందేశం చెల్లుతుందా? చెల్లితే అది ఎవరికీ రాసింది కాదు. పైగా ఆ వాక్యానికి మన ఊరు తెలియదు. బోనాలు గోల్కొండలో మొదలై, ఆ తర్వాత సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళికి, ఆ పైన లాల్‌దర్వాజాకు, పాతబస్తీకి వస్తాయి. మా దర్బార్ మైసమ్మకు ఇంకా వారాలుండగానే శుభాకాంక్షలు వచ్చిపడతాయి. ఏటిసూతకంలో ఉండి బోనమెత్తని ఇంటికీ అవే ఐశ్వర్యాలు చేరతాయి.

ఊరు విడిచి కొడుకు దగ్గరికి వెళ్లిన చిన్నమ్మకు పంపాల్సినప్పుడు ఆ వాక్యాన్ని విప్పి చూశాను. ఆశీస్సులు ఇచ్చేది నేను కాదు, తీసేశాను. “కుటుంబ సభ్యులందరికీ” అంటే ఎవరికీ కాదు, అదీ పోయింది. మిగిలింది పండుగ పేరొక్కటే. దాని పక్కన మా ఇద్దరికే తెలిసినదొకటి, ఆమె జవాబు చెప్పగలిగే ప్రశ్న ఒకటి, నేను నిలబెట్టుకోగల మాట ఒకటి పెట్టాను:

“చిన్నమ్మా, ఈ ఆదివారం మన మైసమ్మ బోనాలు. కుండకు బొట్లు ఈసారి నేనే పెట్టిన, నీలెక్క వరుసగ రాలే. మోకాళ్ల నొప్పి తగ్గిందా? సోమవారం పొద్దుగాల ఫోన్ చేస్త.”

ఇందులో అందమైన మాట ఒక్కటీ లేదు. ఇంట్లో మాట్లాడినట్టే ఉంది. “చేస్త” అన్నచోట “చేయగలను” అని దిద్దితే చిన్నమ్మకు అది నేను కాననిపిస్తుంది. బొట్లు నేను పెట్టకపోయి ఉంటే ఆ వాక్యం రాయకూడదు. ఆత్మీయత కోసం కల్పించిన వివరం ఫోన్ చేయగానే బయటపడుతుంది.

దీనికో హద్దుంది. బ్యాంకులో పరిచయమైన వారికీ, ఏళ్లుగా పలకరించని వారికీ ఇలా రాయడానికి నా దగ్గర ఏమీ ఉండదు. అక్కడ లేని చనువు నటించడం కంటే “బోనాల శుభాకాంక్షలు” అని రెండు మాటలే మర్యాద.

మీ జాబితాలో నలుగురిని ఎంచుకోండి. వాళ్లకే రాయండి. మిగతావారికి ఆ రెండు మాటలు చాలు.