మృదంగం మీద ఇసుక

సైన్స్ ఫెయిర్‌కి ఏం చేయాలని పిల్లలు అడిగితే, ఓ మృదంగాన్నీ ఓ డప్పునూ వాళ్ల ముందు పెట్టండి.

ఫోన్‌లో శబ్ద పౌనఃపున్యాలు చూపే యాప్ తెరిచి, డప్పు మీద కొట్టండి. ఒట్టి చర్మానికి లెక్క ప్రకారం మొదటి స్వరం 200 హెర్ట్జ్ అయితే, పై స్వరాలు 320, 430 దగ్గర పడతాయి. వాటికి పొంతన లేదు కాబట్టే శ్రుతి తెలియదు. మృదంగం కుడివైపు నల్లటి పూత బరువు వాటిని 400, 600 వైపు జరుపుతుంది. ఈ సంగతిని 1920లో శాస్త్రీయంగా చెప్పినవారు సి.వి. రామన్.

ఆయన చేసినట్టే చర్మం మీద సన్నని ఇసుక చల్లి, ఒకచోట వేలు ఆనించి కొట్టండి. కదలని గీతల మీదికి ఇసుక చేరుతుంది. తడి ఇసుకైతే అంటుకుపోతుంది, ఎండబెట్టాల్సిందే.

ఒక జాగ్రత్త. ముందు ఏమీ కొట్టకుండా కాసేపు రికార్డు చేయండి. అప్పుడూ యాప్‌లో 100 హెర్ట్జ్ దగ్గర గీత కనిపిస్తే అది మృదంగానిది కాదు, చాలావరకు ట్యూబ్‌లైటుదో ఫ్యానుదో!