‘కొంచెం చూసి పెట్టండి’: సూచన లేని రాతప్రతి - ఊహకూ ప్రశ్నకూ నడుమ హద్దు

ప్రవేశిక

విశ్రాంత గనికార్మికుడు ఒకరు తన నోటుపుస్తకాన్ని తెలుగు పరిశోధక విద్యార్థి చేతిలో పెట్టి, ‘కొంచెం చూసి పెట్టండి’ అని మాత్రమే చెప్పి వెళ్లాడనుకుందాం. గోదావరిఖని వంటి బొగ్గుగనుల పట్టణంలో ఇది అసహజమైన ఊహ కాదు. ఆ మాటలో దాదాపు ఏ సూచనా లేదు. జ్వరం చూడటం, సంబంధం చూడటం, లెక్క చూడటం, పిల్లలను చూడటం వేర్వేరు పనులు. ‘చూడు’ అనే క్రియ వాటిలో దేన్నీ నిర్ణయించదు. ‘పెట్టు’ అనే సహాయక్రియ ఆ పని ఇతరుల కోసం జరగాలని సూచిస్తుంది. అంటే ఎవరి కోసమో తెలిసింది, ఏమి చేయాలో తెలియలేదు. అక్షరదోషాలు దిద్దాలా? శిష్టభాషలోకి మార్చాలా? అచ్చుకు సిద్ధం చేయాలా? చదివి ఊరుకోవాలా? ఇటువంటి చోట అడగడం ఎప్పుడు ధర్మం, ఊహించడం ఎప్పుడు ధర్మం అనే ప్రశ్నను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

అడగడానికి ఎవరూ లేని శాస్త్రం

అసంపూర్ణ వాక్యాన్ని పూరించే పద్ధతులను మన శాస్త్రకారులు లోతుగా చర్చించారు. ‘సైంధవం తీసుకురా’ అన్న ఉదాహరణ ప్రసిద్ధం. భోజన సమయంలో ఆ పదానికి ఉప్పు అని, ప్రయాణ సమయంలో గుర్రం అని అర్థం. ఇక్కడ ప్రకరణమే నిర్ణాయకం. అన్నం ముందు కూర్చున్న యజమానిని ‘ఉప్పా, గుర్రమా?’ అని అడిగే సేవకుడిది జాగ్రత్త కాదు, అవివేకం.

పూర్వమీమాంస మరో మెట్టు ఎక్కింది. తడిపిన గులకరాళ్లను వేదిలో ఉంచాలని ఒక విధి చెబుతుంది. దేనితో తడపాలో చెప్పదు. నూనె కావచ్చు, నెయ్యి కావచ్చు. ఆ వెంటనే వచ్చే వాక్యం నెయ్యిని తేజస్సుగా స్తుతిస్తుంది కనుక తడపవలసింది నేతితోనే అని మీమాంసకులు తేల్చారు. సందేహం కలిగిన చోట వాక్యశేషమే ప్రమాణమన్న జైమిని సూత్రానికి ఇది ప్రసిద్ధోదాహరణ.

అయితే ఈ శాస్త్రం ఒక ప్రత్యేక పరిస్థితిలో పుట్టింది. మీమాంసకుల దృష్టిలో వేదం అపౌరుషేయం. కర్త లేడు కనుక అడగడానికి ఎవరూ లేరు. తెలుగు పాఠపరిష్కరణదీ ఇంచుమించు ఇదే స్థితి. మానవల్లి రామకృష్ణకవి, వేటూరి ప్రభాకరశాస్త్రి వంటి పండితులు పరిష్కరించిన ప్రాచీన కావ్యాల కవులు ఎప్పుడో గతించారు. ప్రతులను పోల్చి, ఛందస్సును పరీక్షించి, సందర్భాన్ని బట్టి పాఠాన్ని నిర్ణయించడం తప్ప వారికి వేరే దారి లేదు. మన విభాగాల్లో శిక్షణ ఈ సంప్రదాయం నుంచే వచ్చింది. అందువల్ల అడగకపోవడం మనకు అలవాటైంది. నోటుపుస్తకం రాసిన మనిషి రెండు వీధుల అవతల ఉన్నప్పుడు కూడా ఆ అలవాటే కొనసాగితే, అది పాండిత్యం అనిపించుకోదు.

మూడు సందేహాలు

పై నోటుపుస్తకంలో ఇటువంటి వాక్యాలు ఉన్నాయనుకుందాం: ‘ప్లే డే నాడు గూడ బాయిల దిగిన. తట్ట, చెమ్మస్ వట్టుకొని ఇద్దరం టబ్బులు నింపినం. ఏడో బాయిల నీళ్లచ్చినప్పుడు నేను ఆడనే ఉన్న.’

మొదటి సందేహం ‘బాయిల’. బయటి పాఠకుడు దీన్ని బహువచనంగా భావించి ‘బావుల్లో’ అని దిద్దే ప్రమాదముంది. తెలంగాణ వాడుకలో ఇది సప్తమీ రూపం, ‘బాయిలో’ అని అర్థం. సింగరేణి ప్రాంతంలో బాయి అంటే నీటిబావి కాదు, బొగ్గుగని. పక్క వాక్యాల్లోని టబ్బులూ, తట్టా ఆ అర్థాన్నే బలపరుస్తాయి. ఇది వాక్యశేషంతో తీరే సందేహం. దీన్ని రచయిత ముందు పెట్టడమంటే మనం చేయవలసిన చదువును ఆయన చేత చేయించడమే.

రెండో సందేహం ‘ప్లే డే’. ఆటలరోజున పని ఏమిటని పరిష్కర్త తికమకపడి, ‘పే డే’కు లేఖనదోషమని ఊహించవచ్చు. సింగరేణి కార్మికుల వాడుకలో ప్లే డే అంటే వారాంతపు సెలవు. ఆ రోజున పని దొరికితే అదనపు వేతనం వస్తుంది. ‘గూడ’ అన్న మాటకు అప్పుడు పూర్తి బలం చేకూరుతుంది. సెలవునాడు కూడా దిగాడంటే ఆ ఇంటి అవసరం ఎంతటిదో ఆ ఒక్క మాటే చెబుతోంది. ‘పే డే’ అని దిద్దితే వాక్యం నున్నబడుతుంది, జీవితం పోతుంది. ఈ సందేహానికి సమాధానం పుస్తకంలో లేకపోయినా కాలనీలో ఉంది. గనిలో పనిచేసిన ఎవరిని అడిగినా చెబుతారు. రచయితను కదిలించనవసరం లేదు.

మూడో సందేహం వేరు జాతిది. 2003 జూన్ 16న గోదావరిఖనిలోని 7 ఎల్ఈపీ గనిలోకి నీరు చొరబడి 17 మంది మరణించారు. ‘ఏడో బాయిల నీళ్లచ్చినప్పుడు’ అన్న మాట చదవగానే ఆ ప్రమాదమే మనసులోకి వస్తుంది. తేదీ చేర్చి, అధస్సూచిక రాస్తే పుస్తకానికి చారిత్రక విలువ పెరుగుతుందన్న ఆశా కలుగుతుంది. కానీ భూగర్భ గనిలో నీరు ఊరడం, పంపులతో తోడడం నిత్యకృత్యం. ఆయన చెబుతున్నది మరో ఏడాది నాటి చిన్న సంఘటన కావచ్చు. ‘ఆడనే’ అంటే గని లోపలా, పైన మస్టర్ దగ్గరా అన్నదీ తేలలేదు. ఇక్కడ తప్పుగా ఊహిస్తే ఒక మనిషిని చూడని చావులకు సాక్షిగా నిలబెట్టినట్లవుతుంది. ఆ 17 కుటుంబాలకూ అది అపచారమే. ఈ అర్థం పుస్తకంలో లేదు, వాడుకలోనూ లేదు. అది రచయిత తాత్పర్యంలో మాత్రమే ఉంది. కనుక అడగాలి.

నిర్ణయం సందేహపు పరిమాణాన్ని బట్టి కాక, తెలియనిది ఎక్కడ ఉందన్న దాన్ని బట్టి జరగాలన్నది దీని సారాంశం. ఊహ దారి తప్పుతున్నదని గుర్తించడానికీ ఒక ఆనవాలుంది. మొదటి ఊహను నిలబెట్టడానికి రెండో ఊహ అవసరమైతే అక్కడే ఆగాలి. 2003 అని ఊహించి, దాన్ని బట్టి ఆయన వయసును, వయసును బట్టి ఆయన చేసిన పనిని ఊహించడం ఇటువంటిదే.

‘మీ ఇష్టం’ అన్న జవాబు

అడిగినంత మాత్రాన సమస్య తీరదు. ‘ఈ పుస్తకాన్ని ఏం చెయ్యమంటారు?’ అని అడిగితే, ‘సదువుకున్నోళ్లు, మీ ఇష్టం సారూ’ అన్న జవాబే వస్తుంది. దాన్ని అనుమతిగా స్వీకరించడం సులభం, న్యాయం కాదు. అది చదువు ముందు చూపిన మర్యాద. ‘చూసి పెట్టండి’లో ఎంత సూచన ఉందో ఇందులోనూ అంతే ఉంది. విశాలమైన ప్రశ్న బరువును తిరిగి అడిగినవాడి మీదే వేస్తుంది, పైగా అడిగామన్న తృప్తిని మిగుల్చుతుంది.

అందువల్ల ఊహ, ప్రశ్న ఇక్కడ కలిసి నడవాలి. పుస్తకంలో ఒక పేజీని రెండు విధాలుగా సిద్ధం చేయాలి. ఒకటి అక్షరదోషాలు మాత్రమే దిద్ది ఆయన భాషను నిలిపినది. రెండోది శిష్టభాషలోకి మార్చినది. రెంటినీ బిగ్గరగా చదివి వినిపించి, ‘ఇందులో మీ మాట ఏది?’ అని అడగాలి. గని సంగతి తెలిసినవాడికి తన గొంతు వినబడగానే తెలుస్తుంది. ఆ వెంటనే ‘ఇది ఎవరు చదవాలని రాశారు?’ అన్న ప్రశ్న. చివరగా ఏడో బాయి సంగతి. చిన్న సందేహాలన్నీ ముందే తీర్చుకుని, ఈ మూడింటినీ ఒకే కూర్చోవడంలో అడిగితే ఆయన ఓపిక మీద భారం పడదు. నీళ్ల సంగతి అడిగినప్పుడు ఆయన మౌనంగా ఉంటే ఆ మౌనాన్నీ ఊహతో పూరించకూడదు. మూలవాక్యాన్ని ఉన్నదున్నట్లు ఉంచాలి.

ముగింపు

రచయిత అందుబాటులో లేనప్పుడు ఊహ తప్పదు. అప్పుడు కూడా ఊహ మూలంలో కలిసిపోకుండా అధస్సూచికలో, ఊహగానే కనబడాలి. తరువాత వచ్చే పాఠకుడు దాన్ని కొట్టివేయగలగాలి. మీమాంసకుడికి మరో మార్గం లేదు కనుక అతని ఊహ శాస్త్రమైంది. సజీవ రచయిత విషయంలో ఊహ ఎంత నిపుణమైనదైనా దానికి ఆ అధికారం రాదు. కార్మిక సాహిత్యం నోటుపుస్తకాల రూపంలో విభాగాలకు చేరే సందర్భాల్లో, పాఠపరిష్కరణ పద్ధతుల్లో ప్రతుల పోలికతో పాటు రచయితతో సంభాషణకూ చోటు కల్పించవలసి ఉంది.